దోసె పెనం దగ్గర తేలే లెక్క

కాలేజీ క్యాంటీన్ ఆటోమేషన్ మీద విద్యార్థులు రాసే ప్రాజెక్టు రిపోర్టు తెరిస్తే ముందు కనిపించేది యాప్ బొమ్మ. లాగిన్ పేజీ, మెనూ పేజీ, పేమెంట్ పేజీ. ఆ తర్వాత డేటాబేస్ పటాలు. ఖర్చు సంగతి చివర్లో ఒక పేరా. ఆ రిపోర్టు చదివి సంతకం పెట్టాల్సిన ప్రిన్సిపాల్‌కు గాని, మేనేజ్‌మెంట్ కమిటీకి గాని కావాల్సింది వేరే. ఎంత డబ్బు, ఎవరి డబ్బు, ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? అసలు చెయ్యకపోతే ఏమవుతుంది? ఇంతకన్నా చవగ్గా ఇదే పని అయ్యే దారి ఉందా? వీటికి జవాబుగా రాసే పత్రం పేరు బిజినెస్ కేస్. ఈ చోట, ఈ మనుషులతో ఇది జరిగే పనేనా అని అందులోనే తేల్చే భాగం సాధ్యాసాధ్యాల పరిశీలన. ఫీజిబిలిటీ అంటే అదే.

చిన్న క్యాంటీన్‌కు ఇది ఆరేడు పేజీలు మించక్కర్లేదు. ఎలా రాస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. జిల్లా కేంద్రానికి కాస్త దూరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, పక్కనే అదే మేనేజ్‌మెంటు నడిపే పాలిటెక్నిక్ ఉన్నాయనుకుందాం. రెంటికీ ఒకటే క్యాంటీన్. దాన్ని టెండర్ మీద ఒక కాంట్రాక్టర్‌కు ఇచ్చారు. మధ్యాహ్నం 12.40 నుంచి 1.30 దాకా లంచ్ బ్రేక్. టోకెన్ కౌంటర్ ఒకటి, దోసె పెనం ఒకటి, భోజనం, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం పెట్టే బల్ల ఒకటి. ఇది ఊహించుకున్న కాలేజీ. ఇక్కడి అంకెలు కూడా లెక్క నడవడానికి పెట్టుకున్నవే. మీ కాలేజీకి రాస్తే మీ అంకెలు మీరు కొలుచుకోవాలి.

కొలవడంతోనే పని మొదలవుతుంది. చాలా రిపోర్టుల్లో 'క్యూలు పొడవుగా ఉంటున్నాయి, విద్యార్థుల సమయం వృథా అవుతోంది' అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. కమిటీలో ఒకాయన 'నేను వెళ్లినప్పుడు ఖాళీగానే ఉందే' అంటే దానికి జవాబుండదు. అందుకని ఓ వారం పాటు ఇద్దరు మనుషులు లంచ్ టైమ్‌లో క్యాంటీన్లో కూర్చోవాలి. ఒకరు ప్రతి అయిదు నిమిషాలకు ఎందరు కొత్తగా క్యూలో చేరారో గీతలు గీసుకోవాలి. ఇంకొకరు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కో టోకెన్‌కు ఎంత సేపు పడుతోందో చూడాలి. క్యూను చూసి వెనక్కి తిరిగిపోయేవాళ్లను లెక్కపెట్టడం కష్టం. గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, గేటు బయట పఫ్‌ల బండి వైపు నడిచేవాళ్లు వీళ్లు. గుమ్మం దగ్గర నిలబడితే తప్ప దొరకరు. ఈ పత్రం మొత్తానికి అతి ముఖ్యమైన అంకె మాత్రం అదే.

మన ఉదాహరణలో కొలతలు ఇలా వచ్చాయనుకోండి. లంచ్‌కు 190 మంది వస్తున్నారు. వాళ్లలో 150 మంది మొదటి ఇరవై నిమిషాల్లోనే వచ్చేస్తారు, బెల్లు అందరికీ ఒకేసారి మోగుతుంది కదా. ఒక్కో టోకెన్‌కు సగటున 18 సెకన్లు. ఐటమ్ చెప్పడం, 'దోసె అయిపోయిందా అన్నా?' అని అడగడం, క్యాషియర్ మొత్తం చెప్పడం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టడం, సౌండ్ బాక్స్ పలికేదాకా ఆగడం, టోకెన్ చింపి ఇవ్వడం అన్నీ కలిపి. అంటే నిమిషానికి మూడు కంటే కొంచెం ఎక్కువ, 50 నిమిషాలకు 166. వచ్చిన 190 మందిలో 24 మందికి ఆ రోజు ఎలాగూ టోకెన్ దొరకదు, వాళ్లెంత ఓపికగా నిలబడినా.

ఒంటిగంటకు క్యూ ఎంత ఉంటుంది? ఇరవై నిమిషాల్లో వచ్చింది 150, టోకెన్ తీసుకుంది 66, మిగిలింది 84. ఆఖర్న నిలబడ్డ విద్యార్థి ఎంతసేపు ఆగాలో చెప్పడానికి ఒక పాత సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే ఆచార్యుడు దాన్ని గణితంగా నిరూపించారు, లిటిల్స్ లా అంటారు. మన అవసరానికి దాని సారం ఇంతే: ముందున్న మనుషుల సంఖ్యను నిమిషానికి కదిలే సంఖ్యతో భాగిస్తే నిరీక్షణ సమయం వస్తుంది. 84ని 3.3తో భాగిస్తే పాతిక నిమిషాలు. ఒంటిగంటకు నిలబడ్డవాడికి 1.25కు టోకెన్ చేతికొస్తుంది, 1.30కి క్లాసు. వాడు దోసె తినడు, పఫ్ కొనుక్కుని పరిగెడతాడు.

ఇక్కడిదాకా వచ్చేసరికి చాలామంది కలం పరిష్కారం వైపు ఉరుకుతుంది. ఇబ్బంది టోకెన్ కౌంటర్ దగ్గరుంది, కౌంటర్ తీసేసి యాప్ పెడితే సరి, అని. ఈ ఉరుకులోనే పత్రం దెబ్బతింటుంది. టోకెన్ వెనక పెనం ఉంది.

దోసె పెనం మీద ఒకసారి ఆరు దోసెలు పడతాయి. నీళ్లు చల్లి తుడవడం, పిండి వెయ్యడం, కాలడం, తియ్యడం కలిపి ఒక వాయికి నాలుగు నిమిషాలు. అంటే నిమిషానికి ఒకటిన్నర దోసె. వచ్చేవాళ్లలో నూటికి నలభై మంది దోసె అడుగుతారనుకుందాం. ఇప్పుడు నిమిషానికి 3.3 టోకెన్లు కదులుతున్నాయి కాబట్టి పెనానికి చేరేవి 1.3. మాస్టర్ చెమటలు కక్కుతున్నా నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు టోకెన్ వేగం రెట్టింపు చేశామనుకోండి. నిమిషానికి 6.6 టోకెన్లలో దోసెలు 2.6. పెనం ఇచ్చేది ఒకటిన్నరే. ఇరవై నిమిషాలు తిరిగేసరికి పెనం ముందు ఇరవై ముగ్గురు పోగవుతారు, చివరివాడికి పదిహేను నిమిషాల నిరీక్షణ. క్యూ పోలేదు, కౌంటర్ దగ్గర్నుంచి పెనం దగ్గరికి నడిచింది. పైగా ఈసారి వాళ్లంతా డబ్బు కట్టేసినవాళ్లు. డబ్బు కట్టకముందు నిలబడేవాడికీ, కట్టాక నిలబడేవాడికీ కోపంలో చాలా తేడా ఉంటుంది, క్యాంటీన్ నడిపే ఎవర్ని అడిగినా చెబుతారు.

ఇలా ఒక వరస పనుల్లో అన్నిటికన్నా నెమ్మదైన మెట్టే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుందన్న సంగతిని ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో 'ది గోల్' అనే నవలలో ఒక ఫ్యాక్టరీ కథగా చెప్పారు. ఆ పుస్తకం చదవకపోయినా దోసె మాస్టర్‌కు అది తెలుసు. అందుకే ఆయన్ని అడక్కుండా రాసిన ఫీజిబిలిటీ రిపోర్టును నేను నమ్మను.

కాబట్టి పరిష్కారంలో రెండు పనులు ఉండాలి. టోకెన్ కౌంటర్ మీద ఒత్తిడి తగ్గాలి, పెనానికి ముందుగా కబురందాలి. 12.40కి ఎన్ని దోసెలు కావాలో తెలిస్తే మాస్టర్ 12.30కే మొదలుపెట్టి పదిహేను దోసెలు సిద్ధంగా ఉంచగలడు. దాంతో పెనం పెద్దదవదు, పనిచేసే సమయం పది నిమిషాలు పెరుగుతుంది.

ఇప్పుడు దారులు రాసుకోవాలి. ఒకటే దారి రాసి దాన్ని సమర్థించే పత్రం వకాల్తా అవుతుంది గాని విశ్లేషణ అవ్వదు. బ్రిటన్ ఆర్థిక శాఖ ప్రభుత్వ ప్రాజెక్టుల కోసం పెట్టుకున్న 'గ్రీన్ బుక్' అనే మార్గదర్శకంలో, ప్రతి ప్రతిపాదన పక్కనా ఉన్నదున్నట్టు వదిలేసే దారినీ, కనీస మార్పుతో సరిపెట్టే దారినీ చూపించాలంటారు. చిన్న క్యాంటీన్‌కూ అది వర్తిస్తుంది.

మన దగ్గర మార్పు కోరే దారులు మూడు. మొదటిది కూపన్లు. పొద్దున 10.40కి పదిహేను నిమిషాల టీ బ్రేక్‌లో ఒక చిన్న బల్ల వేసి లంచ్ కూపన్లు అమ్మడం. ఐటమ్‌కో రంగు, ధర దానిమీదే అచ్చు. రెండోది ముందస్తు ఆర్డర్. విద్యార్థి ఫోన్లో క్యూఆర్ స్కాన్ చేసి 12.15 లోపు ఆర్డరిచ్చి యూపీఐతో కడతాడు, వంటింట్లో ఒక తెర మీద ఆర్డర్లు వరసగా కనిపిస్తాయి, కౌంటర్లో బిల్లింగ్ మెషీన్ ఉంటుంది. మూడోది పూర్తి హంగులతో: సొంత యాప్, తాకి ఆర్డరిచ్చే కియోస్కులు, ఐడీ కార్డుకు జత చేసిన కాలేజీ వాలెట్. కంపెనీల వాళ్లు ప్రెజెంటేషన్‌కు వచ్చినప్పుడు చూపించేది ఎప్పుడూ ఈ మూడోదే.

డబ్బు లెక్కకు పోకముందే కొన్ని దారులు సాధ్యాసాధ్యాల దగ్గరే మూసుకుపోతాయి. ముందు వాలెట్ సంగతి చూద్దాం. ఒక సంస్థ తన దగ్గరే వస్తువులు, సేవలు కొనుక్కోవడానికి మాత్రమే ఇచ్చే వాలెట్‌ను రిజర్వ్ బ్యాంకు 'క్లోజ్డ్ సిస్టమ్' అంటుంది, దానికి బ్యాంకు అనుమతి అక్కర్లేదు. మన కాలేజీలో వాలెట్ ఇచ్చేది కాలేజీ, తిండి అమ్మేది కాంట్రాక్టర్. ఇద్దరూ వేర్వేరు. విద్యార్థి డబ్బు తీసుకుని మూడో మనిషికి చెల్లించడం అనగానే మినహాయింపు చేజారే ప్రమాదం ఉంది. యాప్ తయారుచేసే పిల్లలకు ఇది కోడ్‌లో రెండు పట్టికల సంగతి. చట్టానికి అది చెల్లింపు వ్యవస్థ. ఈ ఒక్క కారణంతో మూడో దారిలోని వాలెట్‌ను పక్కన పెట్టొచ్చు. యూపీఐ ఉండగా దాని అవసరమూ పెద్దగా లేదు. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర కమీషన్ వసూలు చెయ్యడం లేదు.

రెండోది విద్యార్థుల వయసు. పాలిటెక్నిక్‌లో పదో తరగతి అయిపోయి చేరిన పిల్లలుంటారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి సరిచూసుకోదగ్గ సమ్మతి ఉండాలి. దీనికి దొరికే తేలికైన విరుగుడు, అసలు డేటా తీసుకోకపోవడమే. దోసె ఇవ్వడానికి పేరు, బ్రాంచి, ఫోన్ నంబరు ఎందుకు? ఆర్డర్ నంబరు చాలు. రిపోర్టులో 'వినియోగదారు నమోదు' అని కనిపించిన ప్రతిచోటా ఈ ప్రశ్న వేసుకుంటే సగం సాఫ్ట్‌వేరు తగ్గిపోతుంది.

మూడోది కాలేజీ నియమాలు. మన రెండు రాష్ట్రాల్లో చాలా కాలేజీలు క్యాంపస్‌లో ఫోన్ పట్టుకుంటే లాక్కుంటాయి. అలాంటి చోట ఫోన్ మీద నడిచే రెండో దారి మొదటి రోజే ఆగిపోతుంది. క్లాసులో ఉన్నప్పుడు ఆర్డరివ్వమని క్యాంటీన్, ఫోన్ తీస్తే జరిమానా అని హెచ్‌ఓడీ, రెండూ ఒకే నోటీసు బోర్డు మీద ఉండలేవు. మన ఉదాహరణలో బ్రేక్‌లో ఫోన్ వాడనిస్తారని అనుకుందాం. అప్పుడు ఆర్డర్లు టీ బ్రేక్‌లోనే వస్తాయి. అంటే రెండో దారి కూడా నిజానికి కూపన్ల బల్ల పనిచేసే ఆ పదిహేను నిమిషాల్లోనే పనిచేస్తుంది. దీన్ని గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

సాంకేతికంగా చూస్తే కష్టమంతా సాఫ్ట్‌వేర్ బయటే ఉంది. ఆర్డర్ చీటీలు అచ్చేసే ప్రింటర్‌ను పెనం పక్కన పెడతారు. అది థర్మల్ పేపర్, వేడికి నల్లబడడమే దాని గుణం. పెనం వేడికి అరగంటలో చీటీ మీద అక్షరాలు మాయమై మొత్తం నల్లగా అవుతుంది. తెర పెట్టినా ఆవిరి, నూనె జిడ్డు, పిండి చేతులు. కాబట్టి అది తాకే తెర కాకుండా గోడ మీద ఎత్తున ఉండే మామూలు తెర కావాలి, పక్కన ఒక పెద్ద బటన్ చాలు. అక్షరాలు ఏ భాషలో ఉండాలన్నది మాస్టర్‌ను అడిగి తేల్చుకోవాలి. ఆయన ఒడిశా నుంచి వచ్చి ఉండొచ్చు, అప్పుడు తెలుగైనా ఇంగ్లీషైనా ఒకటే. దోసె బొమ్మ, పక్కన అంకె ఉంటే సరిపోతుంది. ఇక లంచ్ బెల్లు కొట్టగానే ఒకే టవర్ మీద వందల ఫోన్లు లేచి నెట్ మందగిస్తుంది. దీన్ని పరీక్షించాల్సింది 12.45కు, క్యాంటీన్ లోపల. ఆదివారం ఖాళీ క్యాంటీన్లో డెమో బ్రహ్మాండంగా నడుస్తుంది.

ఇప్పుడు డబ్బు. రెండో దారికి కొటేషన్లు తెచ్చామనుకుందాం. బిల్లింగ్ మెషీన్, వంటింటి తెర, రెండు ప్రింటర్లు, రౌటరు, చిన్న యూపీఎస్, వైరింగు కలిపి 62,000 రూపాయలు. కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో 'జీఎస్టీ అదనం' అని ఉంటుంది. ఫ్యాక్టరీ అయితే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకుంటుంది. మామూలుగా 5 శాతం జీఎస్టీ మీద నడిచే క్యాంటీన్‌కు ఆ క్రెడిట్ రాదు. ఫీజుల మీద పన్ను లేని కాలేజీకీ రాదు. ఎవరు కొన్నా 18 శాతం చొప్పున 11,160 రూపాయలు ఖర్చే. అనుకోని ఖర్చుల కింద మరో పది శాతం కలిపితే దాదాపు 80,500. ఏటా సాఫ్ట్‌వేర్ అద్దె, నెట్, పేపర్ రోల్స్, రిపేర్లు కలిపి 28,000.

లాభం వైపు కంపెనీ వాళ్లు వేసే లెక్క ఇలా ఉంటుంది. రోజుకు 24 మంది తిరిగిపోతున్నారు, సగటు బిల్లు 45 రూపాయలు, ఏడాదికి 365 రోజులు, కాబట్టి 3,94,200 రూపాయల అదనపు ఆదాయం. మూణ్ణెల్లలోపే పెట్టుబడి తిరిగొచ్చేసినట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. కాలేజీ 365 రోజులు నడవదు. సెలవులు, పరీక్షలు, ప్రిపరేషన్ హాలిడేస్ తీసేస్తే క్యాంటీన్ కిటకిటలాడేది 200 రోజులు. 45 రూపాయల బిల్లులో పిండి, నూనె, గ్యాస్, కూరగాయలకు 27 పోతాయి, మిగిలేది 18. ఇక తిరిగిపోయిన 24 మందీ రేపట్నుంచి వస్తారన్న హామీ లేదు. పఫ్‌ల బండి రుచి మరిగినవాళ్లు కొందరుంటారు, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోవడం మొదలెట్టినవాళ్లు కొందరు. సగం మందే వస్తారనుకుంటే 12 మంది, మనిషికి 18 రూపాయలు, 200 రోజులు: 43,200.

ముందే సంఖ్య తెలుస్తుంది కాబట్టి అన్నం తక్కువ మిగులుతుంది. రోజుకు నాలుగు ప్లేట్ల వృథా తగ్గుతుందనుకుంటే, ప్లేటుకు సరుకు ఖర్చు 25 రూపాయల చొప్పున ఏటా 20,000. క్యాషియర్ జీతం మిగులుతుందని కూడా కొందరు రాస్తారు. ఆయన్ని తీసేస్తేనే అది మిగులు. తియ్యరు, పార్సిళ్లు కట్టడానికి పంపుతారు. కాబట్టి అది లెక్కలోకి రాదు. విద్యార్థుల సమయాన్ని గంటకింత అని రూపాయల్లోకి మార్చి కలపడం కూడా నాకు నచ్చదు. ఆ డబ్బు ఎవరి జేబులోకీ రాదు. 'ఒంటిగంటకు నిరీక్షణ 25 నిమిషాల నుంచి 10 నిమిషాలకు తగ్గుతుంది' అని నిమిషాల్లోనే రాస్తే కమిటీకి బాగా అర్థమవుతుంది.

మొత్తం లాభం 63,200, నడిపే ఖర్చు 28,000, ఏటా చేతికి మిగిలేది 35,200. పెట్టిన 80,500 తిరిగి రావడానికి రెండేళ్ల మూడు నెలలకు కాస్త పైన. ఇందులో ఇంకో సంగతుంది, మూడేళ్ల తర్వాత వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయితో సమానం కాదు. 12 శాతం వడ్డీతో తగ్గించుకుంటూ వస్తే మూడేళ్లలో వచ్చే మూడు 35,200ల విలువ ఇవాళ్టి లెక్కలో 84,500. పెట్టుబడి తీసేస్తే మిగిలేది నాలుగు వేలు. ఈ మిగులునే నికర వర్తమాన విలువ అంటారు. మూడేళ్లకే ఎందుకు ఆపామంటే, ఆవిరిలో జిడ్డులో ఈ యంత్రాలు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటాయని భరోసాగా చెప్పలేం.

నాలుగు వేలు మిగిలింది కదా అని సంతోషపడకూడదు. మన ఊహల్లో బలహీనమైనదాన్ని పట్టుకుని కదిపి చూడాలి. రోజుకు 12 మంది వస్తారనుకున్నాం. 8 మందే వస్తే? ఏటా మిగిలేది 20,800కు పడిపోతుంది, మూడేళ్ల లెక్క ముప్పై వేల నష్టం చూపిస్తుంది. వెనక్కి లెక్కేస్తే, డబ్బు రాబట్టాలంటే రోజుకు కనీసం పదకొండున్నర మంది కొత్తగా రావాలి. అంటే మన అంచనా సరిగ్గా అంచు మీద నిలబడి ఉంది. ఈ వాక్యం పత్రం మొదటి పేజీలో ఉండాలి. దాన్ని అనుబంధంలో దాచిన రిపోర్టులు చాలా ఉంటాయి.

ఇంతవరకూ రెండో దారిని ఇవాళ్టి పరిస్థితితో పోల్చాం. కమిటీలో తెలివైనవాళ్లు ఎవరైనా ఉంటే దాన్ని మొదటి దారితో పోల్చమంటారు. టీ బ్రేక్‌లో కూపన్లు అమ్మితే ఏమవుతుందో చూద్దాం. 60 కూపన్లు అమ్ముడైతే లంచ్ క్యూకు వచ్చేది 130 మందే. కౌంటర్ సత్తా 166 కాబట్టి టోకెన్ దొరక్క వెళ్లిపోయేవాళ్లు ఉండరు. ఆ 60లో 50 మంది మొదటి ఇరవై నిమిషాల్లో వచ్చేవాళ్లే అనుకుంటే ఒంటిగంటకు క్యూలో మిగిలేది 34 మంది, నిరీక్షణ పది నిమిషాలు. అరవై కూపన్లలో దోసెలు 24. సంఖ్య పదకొండుకే తెలుస్తుంది కాబట్టి 12.30కే పెనం వెలుగుతుంది, బెల్లు కొట్టేసరికి పదిహేను సిద్ధం, మిగతా తొమ్మిదికి ఆరు నిమిషాలు. అన్నం ఎంత వండాలో కూడా ముందే తెలుస్తుంది. రెండో దారి ఇస్తానన్న లాభం దాదాపు మొత్తం ఇక్కడే వచ్చేసింది.

దీని ఖర్చు? బల్ల, ఇంకో సౌండ్ బాక్స్, ధరల బోర్డు కలిపి అయిదు వేలు. హెల్పర్‌కు రోజుకో గంట అదనపు కూలి, కూపన్ల అచ్చు కలిపి ఏటా 16,000. అదే 63,200 లాభంలో ఏటా మిగిలేది 47,200. యంత్రాలు పెడితే మిగిలేదాని కంటే పన్నెండు వేలు ఎక్కువ. మొదటి దారి వేశాక రెండోదానికి వెళితే 80,500 ఖర్చుపెట్టి ఏటా పన్నెండు వేలు నష్టపోతాం. ఆటోమేషన్ రిపోర్టు రాయబోయిన విద్యార్థికి ఇది మింగుడుపడదు. అయినా రాయాలి. ప్రతి దారినీ ఇవాళ్టితో కాకుండా, దానికంటే ఒక మెట్టు కింద ఉన్న చవకైన దారితో పోల్చడమే ఈ లెక్కలో అసలు కీలకం.

కూపన్లకూ ఒక గరిష్ఠ పరిమితి ఉంది, దాన్నీ నిజాయతీగా చెప్పాలి. ధర అచ్చయి ఉంటుంది కాబట్టి లెక్కకట్టే పని లేదు, ఒక్కో కూపన్‌కు 12 సెకన్లు. పదిహేను నిమిషాల టీ బ్రేక్‌లో 75 కంటే ఎక్కువ అమ్మలేరు. అంతకన్నా గిరాకీ ఉంటే టీ బ్రేక్‌లో కూడా ఓ క్యూ తయారవుతుంది. పారేసుకున్నామని వచ్చేవాళ్లు, కలర్ జిరాక్సు తీసేవాళ్లు కూడా ఉంటారు. రోజుకో తేదీ ముద్ర, ముద్ర రంగు మార్చడం లాంటివి మొదటి వారంలోనే అవసరం పడతాయి. యంత్రం ఎక్కడ గెలుస్తుందంటే ఇక్కడ. ముందస్తు ఆర్డర్లు వందా, నూట ఇరవై దాటితే బల్ల చాలదు, ఫోన్ చాలుతుంది.

ఒక ప్రశ్న మిగిలింది. ఈ డబ్బు ఎవరు పెడతారు? కాలేజీ క్యాంటీన్ల ఒప్పందాలు చాలావరకు పదకొండు నెలలకు రాసుకుంటారు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి అలా అలవాటైంది. రెండేళ్లకు పైగా ఆగితే గాని తిరిగిరాని పెట్టుబడిని పదకొండు నెలల కాంట్రాక్టర్ ఎందుకు పెడతాడు? పెట్టడు, పెట్టమనడం కూడా న్యాయం కాదు. పోనీ కాలేజీ పెడితే, పెరిగిన అమ్మకాల లాభం కాంట్రాక్టర్‌కు పోతుంది, కాలేజీకి వచ్చేది అదే అద్దె. లెక్క మొత్తంగా లాభం చూపించినా, డబ్బు పెట్టేవాడికీ పుచ్చుకునేవాడికీ పొత్తు కుదరక ఇలాంటి ప్రాజెక్టులు ఆగిపోతాయి. కాలేజీ యంత్రాలు కొని, కాంట్రాక్టర్ నడిచిన నెలలకు రెండు వేల చొప్పున అదనపు అద్దె ఇచ్చేలా ఒప్పందంలో రాయడం ఒక మార్గం. పది నెలలకు ఇరవై వేలు. మూడేళ్లకు అరవై వేలు దాటదు, అంటే కాలేజీ ఇరవై వేలు పైచిలుకు విద్యార్థుల సౌకర్యం కింద భరిస్తున్నట్టు. దాన్ని అలాగే రాయాలి. అద్దె అమ్మకాల్లో శాతం లెక్కన ఉన్న కాలేజీలో మాత్రం పరిస్థితి వేరు. బిల్లింగ్ మెషీన్ రోజువారీ అమ్మకాల లెక్క చూపిస్తుంది కాబట్టి కాలేజీకి దాని మీద సొంత ఆసక్తి ఉంటుంది. ఆ ఆసక్తే కాంట్రాక్టర్‌కు భయం కూడా. 'మెషీన్ పాడైంది సార్' అన్న మాట మొదటి నెలలోనే వినపడితే అది యంత్రం లోపమా కాదా అని ఆలోచించాల్సి ఉంటుంది.

ఇవన్నీ పెట్టుకుని మన కాలేజీ పత్రం చివరి పేజీ ఇలా ఉంటుంది. మూడో దారి వద్దు. రెండోది ఇప్పుడే వద్దు. వచ్చే సెమిస్టర్ మొదటి రోజు నుంచి టీ బ్రేక్‌లో కూపన్లు అమ్మాలి, దోసె పెనం 12.30కి వెలిగించాలి, దీనికి అయిదు వేలు మంజూరు చెయ్యాలి. ఆరు వారాల పాటు రోజూ మూడు అంకెలు రాసి ఉంచాలి: అమ్మిన కూపన్లు, ఒంటిగంటకు క్యూలో ఉన్న మనుషులు, మిగిలిన అన్నం ప్లేట్లు. వారంలో నాలుగు రోజులు 75 కూపన్లూ అయిపోయి, ఒంటిగంటకు క్యూలో ఇంకా నలభై మందికి పైగా ఉంటే, 80,500 రూపాయల ప్రతిపాదన అప్పటి అంకెలతో మళ్లీ కమిటీ ముందుకు వస్తుంది. కూపన్లు రోజుకు ముప్పై కూడా పోకపోతే, ఫోన్లోనూ ముందస్తు ఆర్డర్లు రావని తేలినట్టే. అప్పుడు ఆ డబ్బుతో రెండో పెనం, దాని దగ్గర నిలబడే మనిషి కూలి గురించి వేరే లెక్క వెయ్యాలి.